పాలు అరగకపోవడం వేరు, పాల అలర్జీ వేరు

ఒక ఇల్లు ఊహించుకుందాం. నాయనమ్మకు 58 ఏళ్లు. పొద్దున్నే గ్లాసు పాలు తాగితే గంటలోపే కడుపు ఉబ్బరిస్తుంది, గుడగుడలాడుతుంది, ఒక్కోసారి నీళ్ల విరేచనాలవుతాయి. మధ్యాహ్నానికల్లా అంతా సర్దుకుంటుంది. అదే ఇంట్లో 7 నెలల మనవడికి మొదటిసారి ఆవుపాలు కలిపిన జావ పెట్టారు. నాలుగు చెంచాలు తిన్నాడో లేదో, పది నిమిషాల్లో మూతి చుట్టూ దద్దుర్లు లేచాయి. పై పెదవి వాచింది. తిన్నదంతా కక్కేశాడు. ‘‘మా వైపు అందరికీ అంతేనమ్మా, పాలు అరగవు. పెద్దయ్యేకొద్దీ వాడికే అలవాటవుతాయి’’ అని నాయనమ్మ కోడలికి ధైర్యం చెప్పింది.

ఇలా ధైర్యం చెప్పడంలోనే ప్రమాదం ఉంది. నాయనమ్మది లాక్టోజ్ ఇన్‌టాలరెన్స్. అంటే పాలలోని చక్కెర అరగకపోవడం. మనవడిది పాల అలర్జీ. అంటే పాలలోని ప్రొటీన్‌ను ఒంట్లోని రక్షణ వ్యవస్థ శత్రువుగా పొరబడి దాడికి దిగడం. రెండింటికీ కారణం పాలే అయినా మొదటిది ఇబ్బంది పెడుతుంది, రెండోది ప్రాణం మీదకు తెస్తుంది. నాయనమ్మ అరగ్లాసు పాలు తాగి చూసుకోవచ్చు. మనవడి విషయంలో అలా ‘కొంచెం పెట్టి చూద్దాం’ అనుకోవడానికి వీల్లేదు.

నాయనమ్మ కడుపులో ఏం జరుగుతోంది?

పాలలో సహజంగా ఉండే చక్కెర పేరు లాక్టోజ్. పావు లీటరు పాలలో ఇది సుమారు 12 గ్రాములుంటుంది. ఆవుపాలైనా గేదెపాలైనా ఈ విషయంలో పెద్ద తేడా లేదు. లాక్టోజ్ ఉన్నదున్నట్టుగా రక్తంలోకి వెళ్లలేదు. చిన్నపేగు గోడల్లో తయారయ్యే లాక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని కత్తెరలా రెండు ముక్కలు చేస్తేనే ఒంటికి పడుతుంది.

పసిపిల్లలకు పాలే ఆహారం కాబట్టి వాళ్ల పేగుల్లో లాక్టేజ్ పుష్కలంగా ఉంటుంది. పెరిగేకొద్దీ అది తగ్గిపోవడం జబ్బు కాదు. ప్రపంచంలో ఎక్కువమంది పెద్దవాళ్లలో జరిగేది ఇదే. పెద్దయ్యాక కూడా లాక్టేజ్ తగ్గకుండా ఉండటానికి ఒక జన్యుమార్పు కారణం. మన దేశంలో అది ఉత్తరాదివారిలో ఎక్కువగా, దక్షిణాదివారిలో తక్కువగా కనిపిస్తుంది. అందుకే మన ఇళ్లలో పెరుగు, మజ్జిగ హాయిగా తాగుతూ పచ్చిపాలో, కాచిన పాలో గ్లాసుడు తాగితే ఇబ్బందిపడేవాళ్లు చాలామందే ఉంటారు.

ముక్కలు కాని లాక్టోజ్ చిన్నపేగు దాటి పెద్దపేగులోకి చేరుతుంది. వెంట నీళ్లను లాక్కెళుతుంది కాబట్టి విరేచనం పలచనవుతుంది. అక్కడుండే బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు పుట్టిస్తాయి. కడుపుబ్బరం, గుడగుడలు, మెలిపెట్టే నొప్పి అందువల్లే. పాలు తాగిన అరగంట నుంచి రెండు గంటల్లో ఇవి మొదలవుతాయి. బాధంతా పొట్టకే పరిమితం. దద్దుర్లు రావు, పెదవులు వాయవు, ఊపిరి అందకపోవడం ఉండదు.

ఇక్కడ లెక్కంతా మోతాదుది. ఉన్న కొద్దిపాటి లాక్టేజ్ కొంత లాక్టోజ్‌ను అరిగించగలదు. కాఫీలో కలిసే 50 మిల్లీలీటర్ల పాలలో రెండున్నర గ్రాములకు మించి లాక్టోజ్ ఉండదు కాబట్టి నాయనమ్మ రోజూ రెండు కప్పుల కాఫీ తాగినా ఏమీ కాదు. ఖాళీ కడుపున తాగిన గ్లాసు పాలు బాధపెడితే, అవే పాలు టిఫిన్‌తో పాటు కొంచెం కొంచెంగా తీసుకుంటే చాలామందికి సరిపడతాయి.

చిన్నపిల్లల్లో మరో రకం ఉంది. తీవ్రంగా విరేచనాలు పట్టుకున్నప్పుడు పేగు పైపొర దెబ్బతిని లాక్టేజ్ తాత్కాలికంగా తగ్గిపోతుంది. పొర మళ్లీ పెరిగేదాకా, అంటే కొన్ని వారాలు, పాలు తాగితే విరేచనం పలచగా అవుతుంది. తర్వాత మామూలైపోతుంది. ఈ కారణంతో తల్లిపాలు మాన్పించకూడదు.

మనవడి ఒంట్లో ఏం జరిగింది?

పిల్లవాడి సమస్యకు పేగు కారణం కాదు. రోగాలతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ గురి తప్పడం కారణం. పాలలో కేసిన్, బీటా లాక్టోగ్లోబులిన్ లాంటి ప్రొటీన్లుంటాయి. వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకున్న శరీరం ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసి, చర్మంలో, శ్వాసనాళాల్లో, పేగుల్లో కాపలా కాసే మాస్ట్ కణాల మీద అమర్చి పెడుతుంది. మళ్లీ అదే ప్రొటీన్ రాగానే ఆ కణాలు ఒక్కసారిగా హిస్టమిన్‌ను, అలాంటి ఇతర రసాయనాలను వెదజల్లుతాయి. చర్మంలో దద్దుర్లు, శ్వాసనాళాలు బిగుసుకుపోవడం, వాంతులు, రక్తపోటు పడిపోవడం అన్నీ వాటి ప్రభావమే.

‘మొదటిసారి పెట్టగానే అలర్జీ ఎలా వచ్చింది?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. తెలిసి పెట్టింది మొదటిసారే. అంతకుముందే తల్లి తాగిన పాల ప్రొటీన్ కొద్దిగా తల్లిపాల ద్వారానో, ఎగ్జిమాతో పగిలిన చర్మం ద్వారానో బిడ్డకు పరిచయమై ఉండవచ్చు.

ఈ గుట్టు రక్తంలో ఉందని 1921లో ఇద్దరు వైద్యులు తేల్చారు. నాటి జర్మనీలోని బ్రెస్లావ్‌లో పనిచేసిన హైంజ్ క్యూస్ట్‌నర్‌కు చేప తింటే ఒళ్లంతా దురద, దద్దుర్లు. ఆయన రక్తం నుంచి తీసిన సీరమ్‌ను కార్ల్ ప్రావుస్నిట్జ్ కొద్దిగా తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారం ఎక్కించుకున్నాడు. చేపతో ఏ ఇబ్బందీ లేని ప్రావుస్నిట్జ్‌కు సరిగ్గా ఆ చోట దద్దు లేచింది. ఒకరి అలర్జీ సీరమ్‌తో పాటు మరొకరి చర్మంలోకి వెళ్లింది! ఆ పదార్థం ఐజీఈ అని తేలడానికి 1960ల దాకా ఆగాల్సివచ్చింది.

అలర్జీలో మోతాదు లెక్క పనిచేయదు. కాపలా కణాలు రెచ్చిపోవడానికి కొందరికి చెంచా అంచుకు అంటిన పాలు చాలు. పోయినసారి దద్దుర్లతో పోయింది కాబట్టి ఈసారీ అంతే అనుకోవడానికీ లేదు. ఒకసారి వచ్చిన లక్షణాలను బట్టి తర్వాతిసారి తీవ్రతను ఎవరూ చెప్పలేరు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం మరింత ఎక్కువ.

పాల అలర్జీ ఎక్కువగా ఏడాదిలోపు పిల్లల్లో బయటపడుతుంది. వాళ్లలో చాలామందికి బడి వయసులో తగ్గిపోతుంది. వేరుశెనగ, జీడిపప్పు, చేప, రొయ్యల అలర్జీలు మాత్రం చాలామందిని జీవితాంతం వదలవు. రొయ్యల అలర్జీ పెద్దయ్యాక, అప్పటిదాకా హాయిగా తిన్నవాళ్లకు కూడా మొదలుకావచ్చు. ఐజీఈతో సంబంధం లేని పాల అలర్జీలు కూడా పసిపిల్లల్లో ఉన్నాయి. విరేచనంలో రక్తపు జీరలు పడినా, పాలు పట్టిన కొన్ని గంటలకు ఆగకుండా వాంతులై బిడ్డ వాడిపోయినా అరగలేదనుకుని ఊరుకోకుండా పిల్లల డాక్టర్‌కు చూపించాలి.

ఇంట్లో గమనించాల్సిన మూడు విషయాలు

డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు పరీక్షలకంటే ముందు అడిగేది ఏం జరిగిందని. మూడు ప్రశ్నలకు జవాబు రాసిపెట్టుకుంటే సగం నిర్ధారణ అయినట్టే.

ఎంతసేపటికి? అలర్జీ సాధారణంగా నిమిషాల్లో, ఎక్కువలో ఎక్కువ రెండు గంటల్లో కనిపిస్తుంది. ఇన్‌టాలరెన్స్ అరగంట తర్వాత నెమ్మదిగా మొదలై గంటల తరబడి సాగుతుంది.

ఎంత తింటే? కొంచెం తింటే ఏమీ కాక, ఎక్కువ తింటేనే బాధపడుతుంటే అది ఇన్‌టాలరెన్స్ వైపు చూపిస్తుంది. ఏ కొంచెం తగిలినా ప్రతిసారీ వస్తుంటే అలర్జీని అనుమానించాలి.

ఒంట్లో ఎక్కడ? పొట్టలోనే ఉంటే ఇన్‌టాలరెన్స్ కావచ్చు. చర్మం, పెదవులు, నాలుక, గొంతు, ఊపిరి, స్పృహ, వీటిలో ఏ ఒక్కటి తోడైనా అలర్జీ అనే భావించి జాగ్రత్తపడాలి.

ఒకరికి మందు, మరొకరికి విషం

నాయనమ్మకు పనికొచ్చే సలహాలు మనవడికి ప్రాణాంతకం కావచ్చు. పాలు తోడుకునేటప్పుడు బ్యాక్టీరియా లాక్టోజ్‌ను కొంత తినేస్తాయి. అవి మన పేగులోకి చేరాక మిగిలినదాన్ని అరిగించడానికీ సాయపడతాయి. అందుకే నాయనమ్మకు పెరుగు పడుతుంది. కానీ తోడుకున్నా పాల ప్రొటీన్ పోదు కాబట్టి మనవడికి పెరుగూ పాలంత ప్రమాదమే. పనీర్ చేసేటప్పుడు విరిగిన నీళ్లతో పాటే లాక్టోజ్ చాలావరకు పోతుంది, అదీ నాయనమ్మకు మంచిదే. మిగిలే ముద్దంతా కేసిన్. అలర్జీ ఉన్నవాళ్లకు అంతకుమించిన హాని లేదు. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు గానీ ప్రొటీన్ ఆనవాళ్లు మిగలవచ్చు.

పాలు కాస్తే అలర్జీ పోతుందన్నది నిజం కాదు. కేసిన్ వేడికి తట్టుకుంటుంది. ఆవుపాలు పడకపోతే మేకపాలు పట్టమనే సలహా మన ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. మేక, గేదె పాల ప్రొటీన్లు ఆవుపాల ప్రొటీన్లను బాగా పోలి ఉంటాయి. ఆవుపాల అలర్జీ ఉన్న పిల్లల్లో అత్యధికులకు మేకపాలతోనూ అలర్జీ వస్తుంది. ఏ2 పాలలోనూ ఆ ప్రొటీన్లు, లాక్టోజ్ రెండూ ఉంటాయి. లాక్టోజ్ తీసేసిన పాలు నాయనమ్మకు పనికొస్తాయి గానీ మనవడికి పనికిరావు.

ప్యాకెట్ మీద చూడాల్సిందీ ఉంది. పాలు, గుడ్డు, చేప, రొయ్యల జాతి, వేరుశెనగ, జీడిపప్పు లాంటి గింజలు, సోయా, గోధుమ లాంటి గ్లూటెన్ ధాన్యాలు ఉంటే ఆ విషయం విడిగా ముద్రించాలని ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. పాలు అని లేకపోయినా ‘వే’, ‘కేసిన్’, ‘మిల్క్ సాలిడ్స్’ అని ఉంటే అవి పాలే. మిఠాయి కొట్టులో విడిగా తూచి ఇచ్చేవాటికి, పెళ్లి భోజనాలకు లేబుల్ ఉండదు. అక్కడ అడిగి తెలుసుకోవాలి. కూర గరిటే పెరుగు గిన్నెలో పెట్టారా అన్నది కూడా చూడాలి.

పరీక్షలు ఏం చెబుతాయి?

లాక్టోజ్ ఇన్‌టాలరెన్స్‌కు ఊపిరి పరీక్ష ఉంది. పరగడుపున లాక్టోజ్ కలిపిన నీళ్లు తాగించి, నిర్ణీత సమయాల్లో ఒక గొట్టంలోకి ఊదిస్తారు. పేగులో పుట్టిన హైడ్రోజన్ రక్తంలో కలిసి ఊపిరిలోకి వస్తుంది. అది మొదటికంటే బాగా పెరిగితే లాక్టోజ్ అరగడం లేదని అర్థం. అలర్జీ లక్షణాలు ఏమాత్రం లేని పెద్దవాళ్లు రెండు వారాలు పాలు మానేసి, తర్వాత కొలిచి తాగి చూసుకున్నా విషయం తెలుస్తుంది.

అలర్జీకి రెండు పరీక్షలున్నాయి. చర్మం మీద ఆ పదార్థపు చుక్క వేసి సన్నగా గుచ్చి దద్దు లేస్తుందేమో చూడటం ఒకటి. రక్తంలో ఆ పదార్థానికి సంబంధించిన ఐజీఈ ఎంత ఉందో కొలవడం రెండోది. ఇవి పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. బెంగళూరు, మైసూరుల్లో పెద్దవాళ్లపై జరిగిన యూరోప్రివాల్ అధ్యయనంలో 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించింది. తిన్నాక లక్షణాలు కూడా ఉండి, అలర్జీ ఉందనదగినవాళ్లు మాత్రం 1.2 శాతమే. రిపోర్టు చూసి పదిరకాల తిండి మానేస్తే పిల్లలు ఎదగరు. ఏం తింటే ఏం జరిగిందన్న వివరంతో కలిపి చదివినప్పుడే రిపోర్టుకు విలువ. ఐజీజీ పేరుతో వందలకొద్దీ పదార్థాల జాబితా ఇచ్చే పరీక్షలు మరీ దండగ. ఐజీజీ చూపేది ఆ తిండి మనం తింటున్నామన్న సంగతినే గానీ అది పడదని కాదు.

అనుమానం మిగిలితే ఆస్పత్రిలో డాక్టర్ కళ్లెదుట చుక్కతో మొదలుపెట్టి, కొంతసేపు ఆగుతూ మోతాదు పెంచుతూ తినిపించి చూస్తారు. అలర్జీ తగ్గిందో లేదో తేల్చేదీ ఇలాగే. ఈ పరీక్ష ఇంట్లో చేయకూడదు.

ప్రాణం మీదకొచ్చిందని ఎలా తెలుస్తుంది?

ఆ మనవడికి ఇప్పుడు ఐదేళ్లనుకుందాం. పాల అలర్జీ ఇంకా తగ్గలేదు. పుట్టినరోజు వేడుకలో ఎవరో చేతిలో కోవా ముక్క పెట్టారు. ఐదు నిమిషాల్లో పెదవులు దురదపెట్టాయి. పది నిమిషాల్లో మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు. ఇంట్లో ఉన్న సిట్రిజిన్ మందు పట్టారు. పావుగంట దాటాక ఆగకుండా దగ్గు మొదలైంది, గొంతు బొంగురుపోయింది. దద్దుర్లు కాస్త పలచబడ్డాయని అందరూ ఊరట చెందుతుండగా పిల్లవాడు నీరసంగా అమ్మ ఒళ్లో వాలిపోయాడు.

దద్దుర్లు తగ్గుతున్నట్టు కనిపించినా లోపల పరిస్థితి విషమిస్తోంది. దీన్ని అనాఫిలాక్సిస్ అంటారు. దగ్గు మొదలైన క్షణమే ఇది అత్యవసరంగా మారింది. తిన్న కాసేపటికి కింది వాటిలో ఏది కనిపించినా ఆగకూడదు:

- ఆగని దగ్గు, పిల్లికూతలు, ఆయాసం, ఊపిరి ఆడకపోవడం
- గొంతు బిగుసుకుపోవడం, మాట బొంగురుపోవడం, మింగలేకపోవడం, నాలుక వాయడం
- కళ్లు తిరగడం, ఒళ్లు చల్లబడి పాలిపోవడం, మత్తుగా వాలిపోవడం, స్పృహ తప్పడం
- దద్దుర్లు లేదా వాపుతో పాటు ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి

దద్దుర్లు లేవని ధీమా పడకూడదు. కొందరిలో చర్మం మీద ఏమీ కనిపించకుండానే ఊపిరికి, రక్తపోటుకు దెబ్బ తగులుతుంది.

దీనికి మొదటి మందు అడ్రినలిన్ ఒక్కటే. అది వాచిన గొంతును తగ్గిస్తుంది, శ్వాసనాళాలను తెరుస్తుంది, పడిపోయిన రక్తపోటును లేపుతుంది. సిట్రిజిన్ లాంటివి దురదను తగ్గిస్తాయి గానీ ఊపిరిని కాపాడలేవు. పని మొదలుపెట్టడానికి కూడా వాటికి సమయం పడుతుంది. అడ్రినలిన్‌ను తొడ మధ్యభాగంలో, బయటి వైపు కండలోకి ఇస్తారు. మోతాదు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము. మన పిల్లవాడు 18 కిలోలుంటే 0.18 మిల్లీగ్రాములు. ఒక మిల్లీలీటరు ఆంప్యూల్‌లో ఒక మిల్లీగ్రాము మందు ఉంటుంది కాబట్టి అందులో ఐదో వంతుకంటే తక్కువే. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ ఇస్తారు. ఒత్తగానే మందు ఎక్కే పెన్ను లాంటి ఇంజెక్షన్లు మన దగ్గర తేలిగ్గా దొరకవు. అందుకే తీవ్రమైన అలర్జీ ఉన్నవారి ఇంట్లో ఆంప్యూల్, సిరంజి ఉంచాలా, ఎంత ఎక్కించాలి, ఎలా ఎక్కించాలి అన్నది డాక్టర్ దగ్గర ముందే నేర్చుకుని, కాగితం మీద రాయించుకోవాలి.

అడ్రినలిన్ దగ్గరుంటే ముందు అది ఇచ్చి 108కి ఫోన్ చేయండి. లేకపోతే 108కి ఫోన్ చేసి ‘ఫుడ్ అలర్జీ, ఊపిరి ఆడటం లేదు’ అని స్పష్టంగా చెప్పండి. అంబులెన్స్‌కంటే దగ్గర్లో ఆస్పత్రి ఉంటే వెంటనే బయల్దేరండి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి. ఆయాసంగా ఉంటే కాళ్లు చాపి కూర్చోబెట్టండి. వాంతులవుతుంటే పక్కకు తిప్పండి. లేపి నిలబెట్టడం, నడిపించడం, ఒక్కరినే బాత్రూమ్‌కు పంపడం వద్దు. రక్తపోటు పడిపోయినవారు లేచి నిలబడగానే గుండె ఆగిపోయే ప్రమాదముంది. మజ్జిగ, నిమ్మరసం పట్టవద్దు, గొంతులో వేలు పెట్టి కక్కించవద్దు. మందు పనిచేసి తేలికపడ్డా ఆస్పత్రిలో కొన్ని గంటలు ఉండాల్సిందే. కొందరిలో లక్షణాలు కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెడతాయి.

మీ ఇంట్లో ఎవరికైనా ఏదైనా తిండితో దద్దుర్లు, వాపు, ఆయాసం ఒక్కసారైనా వచ్చి ఉంటే ఆ తిండిని మళ్లీ పెట్టకుండా ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించండి. బడిలో టీచర్‌కు, పక్కింటివారికి, బంధువులకు ఆ తిండి పేరు, ప్రమాద సంకేతాలు, 108 నంబరు రాసిన కాగితం ఇవ్వండి. గొంతు మారినా, దగ్గు ఆగకపోయినా, మనిషి వాలిపోయినా మాత్ర కోసం వెతకకండి. అడ్రినలిన్ ఇవ్వగల చోటికి చేర్చండి.